కళ్లు మోయలేని నవ్వు: ఒక పెద్దకర్మ ఫొటో కేస్ స్టడీ

శ్రీకాకుళంలో ఏడు రోడ్ల కూడలికి దగ్గర్లో మా స్టూడియో. పాస్‌పోర్టు ఫొటోలు, పెళ్లి ఆల్బమ్‌ల తర్వాత మాకు ఎక్కువగా వచ్చే పని పోయినవాళ్ల ఫొటో పెద్దది చేసి ఫ్రేమ్ కట్టివ్వడం. అందులో తరచుగా వినే మాట "కొంచెం నవ్వుతున్నట్టు చెయ్యండి" అన్నది. ఇరవై ఏళ్లుగా ఈ పని చేస్తూ కూడా నేను ఒక ఫొటోలో పూర్తిగా తప్పాను. ఆ తప్పు ఎక్కడ జరిగిందో, రెండోసారి ఏం చేశానో కొలతలతో సహా రాస్తున్నాను. ఆ కుటుంబం ఒప్పుకున్నాకే రాస్తున్నాను. ఫొటోలు మాత్రం చూపించను.

కళింగపట్నం వైపు సముద్రం ఒడ్డునున్న ఒక పల్లె నుంచి కూతురు వచ్చింది. తల్లి పోయి వారం. పదకొండో రోజు పెద్దకర్మకు 12×18 అంగుళాల ఫ్రేమ్ కావాలి. చేతిలో ఉన్నది పెన్షన్ కాగితాల కోసం తీయించిన పాస్‌పోర్టు ఫొటో ఒక్కటే. అన్నయ్య గుజరాత్‌లోని వేరావల్‌లో బోటు మీద పనిచేస్తాడు, ఇంకా దారిలో ఉన్నాడు. ఫోన్ కలిపి నా చేతికిచ్చింది.

"అమ్మ మొగం కోపంగా ఉన్నట్టుంది అన్నా. కొంచెం నవ్వుతున్నట్టు సెయ్యి. వచ్చినోలందరూ ఆ ఫొటోయే సూస్తారు" అన్నాడు.

ఫొటోలో ఆవిడకు డెబ్బై దగ్గర ఉంటాయి. రెండు వైపులా ముక్కుపుడకలు, రూపాయి బిళ్లంత బొట్టు, ఎడమ కంటి కింద పుట్టుమచ్చ. పెదాలు గట్టిగా మూసి, ఊపిరి బిగబట్టి కెమెరాలోకి చూస్తోంది. నిజమే, చూడగానే కోపమే అనిపిస్తుంది.

మొదటి ప్రయత్నం

35×45 మిల్లీమీటర్ల ప్రింటును 1200 డీపీఐలో, అంటే అంగుళానికి 1200 చుక్కల చొప్పున స్కాన్ చేశాను. వెడల్పు 1650 పిక్సెళ్లు వచ్చింది. చూడ్డానికి పెద్ద ఫైలే, కానీ మినీల్యాబ్ ప్రింటులో అసలు ఉండే వివరం 300 డీపీఐ దగ్గరే ఆగుతుంది. అంటే ఒక్క అడ్డ వరుసలోనే నాలుగు పిక్సెళ్లలో మూడు స్కానర్ సాగదీసినవే. ఈ సంగతి తర్వాత అవసరమవుతుంది.

ఫొటోషాప్‌లో ఆకారాలను జరిపే, సాగదీసే Liquify తెరిస్తే మొహాన్ని అదే గుర్తుపట్టి కళ్లకూ ముక్కుకూ నోటికీ వేర్వేరు స్లైడర్లు ఇస్తుంది. 2016 నుంచి ఉన్న సదుపాయమే. నోటి కింద Smile అనే స్లైడర్ ఉంటుంది. దాన్ని 40కి జరిపాను. పెదాల చివర్లు పైకి లేచాయి, కానీ మొహం మీద నవ్వు అతికించినట్టుంది. Mouth Width కొంచెం పెంచాను. అప్పటికీ నచ్చక Neural Filters లోకి వెళ్లి Smart Portrait లో Be happy! ని కాస్త కుడివైపు జరిపాను. ఈసారి నవ్వు చాలా సహజంగా వచ్చింది. బుగ్గలు లేచాయి, కళ్లు కొంచెం చికిలించాయి, పై వరుస పళ్లు కనిపించాయి. మా స్టూడియోలో పనిచేసే కుర్రాళ్లిద్దరూ "సార్, అదిరింది" అన్నారు. వాట్సాప్‌లో పంపితే రైల్లోంచే కొడుకు కూడా సరే అన్నాడు.

పెద్ద ప్రింటు తీసి ఉంచాను. మర్నాడు కూతురు తండ్రిని వెంటబెట్టుకుని వచ్చింది. ఆ పెద్దాయన ప్రింటును రెండు చేతులతో పట్టుకుని చాలాసేపు చూశాడు. ముందు మాట్లాడింది కూతురు.

"అన్నియ్యా, నవ్వు బాగానే ఉంది గానీ ఈవిడెవులు? మాయమ్మ కాదు."

తర్వాత ఆయన అన్నాడు. "మా మనిసి ఇలగ పళ్లు సూపించి నవ్వదు బాబూ."

ఆ ప్రింటును అక్కడే చింపి పక్కన పడేశాను. వాళ్లు తప్పు చెప్పట్లేదని నాకు వెంటనే తెలిసింది. ఎందుకు తప్పు కాదో తెలుసుకోవడానికి మాత్రం ఆ రాత్రంతా పట్టింది.

ఏది పోయింది

పాత ఫొటోనూ నేను చేసినదాన్నీ పక్కపక్కన పెట్టుకుని ఒక్కొక్క భాగమే చూశాను. అన్నిటికంటే ముందు తేలింది పళ్ల సంగతి. పాస్‌పోర్టు ఫొటోలో నోరు మూసి ఉంది. లోపల ఏముందో ఆ ఫొటోలో ఎక్కడా లేదు. ఫిల్టర్ లెక్కలేనన్ని మొహాల నుంచి నేర్చుకున్న ఒక పలువరసను అక్కడ గీసింది. తెల్లగా, సమంగా ఉన్న పలువరస. ఆవిడకు అడ్డపొగ అలవాటు. చుట్ట నిప్పును నోటి లోపలికి పెట్టి కాల్చడం మా తీరంలో పెద్దవయసు ఆడవాళ్లలో కొత్త సంగతి కాదు. ఆవిడ పళ్లు నల్లబడ్డాయని, ముందువి రెండు ఊడిపోయాయని కూతురు చెప్పింది. అందుకే జీవితంలో చాలా భాగం నోరు మూసుకునే నవ్వింది.

రెండోది పై పెదవి. ఆవిడ పై పెదవి మీద నిలువుగా సన్నటి ముడతలు ఎన్నో ఉన్నాయి. పెదాలు ముదురు రంగువి. ఫిల్టర్ పళ్లు చూపించడానికి పెదవిని కొత్తగా గీసి, ముడతలు తీసేసి, రంగును కొంచెం ఎర్రబరిచింది. ఒక్కొక్కటీ చిన్న మార్పే. కానీ ఆ మనిషిని రోజూ చూసినవాళ్లకు ఆ ముడతలే ఆవిడ నోరు.

మూడోది చివర్లో దొరికింది, అదే అసలైనది. నవ్వు రెండు వైపులా సమానంగా ఉంది. స్లైడర్ రెండు చివర్లనూ ఒకేలా లేపింది, ఫిల్టరూ అంతే. మనుషులు అలా నవ్వరు. బుగ్గ ఎముక నుంచి పెదవి చివరికి వచ్చే కండరం ఆ చివరను పైకీ వెనక్కీ లాగుతుంది. ఒక్కొక్కరిలో ఒక్కో వైపు ఎక్కువ లాగుతుంది. ఏ వైపు ముందు లేస్తుంది, ఎంత లేస్తుంది, బుగ్గ మీద గీత ఎక్కడ పడుతుంది అన్నవే ఆ మనిషి నవ్వు. నేను ఆవిడ మొహం మీద ఎవరిదో నవ్వు పెట్టాను.

మరి స్టూడియోలో కుర్రాళ్లకు ఎందుకు బాగుంది? వాళ్లు ఆవిడను ఎప్పుడూ చూడలేదు. 1979లో ఎల్లిస్, షెపర్డ్, డేవిస్ అనే బ్రిటన్ పరిశోధకులు ఈ తేడాను ప్రయోగం చేసి చూపించారు. మనకు బాగా తెలిసిన మొహాన్ని లోపలి భాగాలతో, అంటే కళ్లు, ముక్కు, నోటితో ఎక్కువగా గుర్తుపడతాం. పరిచయం లేని మొహంలో ఆ తేడా కనబడదు, అక్కడ జుట్టూ మొహం చుట్టుగీతా కూడా అంతే సాయపడతాయి. నేను జుట్టు, చెవులు, ముక్కుపుడకలు, చీర ఏవీ ముట్టుకోలేదు. తెలియనివాళ్లకు అదే మనిషి. ఇంట్లోవాళ్లు చూసే చోటే నేను చెయ్యి పెట్టాను.

కొడుకు సంగతి వేరు. తల్లి మొహం అతనికి తెలియక కాదు. అతను చూసింది ఫోన్ తెర మీద. 12×18 అంగుళాల ఫ్రేమ్‌లో ఈ మొహం దాదాపు అసలు మొహమంత ఉంటుంది. నేను నోటిని సాగదీసింది ఆ సైజులో సెంటీమీటరు. ఫోన్‌లో అది రెండు మిల్లీమీటర్లు. అప్పటి నుంచి పెద్ద ఫ్రేమ్ పనికి ఫోన్‌లో చూపించి ఒప్పుకోలు తీసుకోవడం మానేశాను.

రుజువు వెతకడం

పెద్దాయనను ఒకటే అడిగాను. "తాతా, ఆవిడ నవ్విన ఫొటో ఏదైనా ఉందా? ఎంత చిన్నదైనా పర్లేదు."

మనవరాలి పెళ్లి ఆల్బమ్ తెచ్చారు. ఒక గ్రూప్ ఫొటోలో చివర నిలబడి ఉంది, మొహం గోరంత. ఎవరో ఏదో అన్నట్టున్నారు, నోరు మూసే నవ్వుతోంది. రెండోది మనవరాలి ఫోన్‌లో ఉన్న సెల్ఫీ.

రెండూ ఒకదానికొకటి ఎదురు చెప్పాయి. పెళ్లి ఫొటోలో ఆవిడ ఎడమ చివర ఎక్కువ లేచింది. సెల్ఫీలో కుడి చివర. ఒక నిమిషం అయోమయపడి, తర్వాత పుట్టుమచ్చ చూశాను. పాస్‌పోర్టు ఫొటోలో అది ఎడమ కంటి కింద ఉంది, సెల్ఫీలో కుడి కంటి కింద. ఫోన్ ముందువైపు కెమెరా అద్దంలో చూసినట్టు తిప్పి సేవ్ చేసింది. తిప్పి చూస్తే రెండు ఫొటోలూ ఒకే మాట చెప్పాయి. మచ్చ లేని మొహమైతే వెనకున్న క్యాలెండర్ అక్షరాలో, చొక్కా గుండీల వైపో చూసుకోవాలి. ఇది చూడకుండా సెల్ఫీని నమూనాగా పెట్టుకుంటే మనిషి నవ్వును కుడి ఎడమలు మార్చేస్తాం. పైగా చేతి దూరంలో తీసిన సెల్ఫీలో ముక్కు పెద్దదవుతుంది, మొహం అంచులు సన్నబడతాయి. అందుకని సెల్ఫీని దిశ కోసం మాత్రమే వాడాను, కొలతలు పెళ్లి ఫొటో నుంచే తీసుకున్నాను. అందులో ఆవిడ తల దాదాపు నేరుగా ఉంది.

రెండు వేర్వేరు సైజుల ఫొటోలను పోల్చాలంటే మొహంలో కదలనిది ఒకటి కావాలి. అది కనుపాపల మధ్య దూరం. ఒకే వైపు సూటిగా చూస్తున్నంతవరకు నవ్వినా ఏడ్చినా అది మారదు. పాస్‌పోర్టు స్కాన్‌లో అది 360 పిక్సెళ్లు, నోటి వెడల్పు 290. నిష్పత్తి సుమారు 0.81. పెళ్లి ఫొటోలో కనుపాపల మధ్య 62, నోరు 54. నిష్పత్తి 0.87. నేను ముందు చేసిన దానిలో నోరు 345కి వెళ్లింది, నిష్పత్తి 0.96. ఆవిడ మనసారా నవ్వినప్పటి కంటే కూడా నేను నోటిని చాలా ఎక్కువ సాగదీశాను. ఈ ఒక్క లెక్క ముందే వేసి ఉంటే ఆ ప్రింటు తీసేవాణ్ణి కాదు.

చివర్లు ఎంత లేచాయో కూడా అలాగే చూశాను. రెండు కనుపాపలనూ కలుపుతూ ఒక గీత గీసి, దాని నుంచి పెదవి చివరికి కిందికి కొలిచాను. పెళ్లి ఫొటోలో ఎడమ చివర 4 పిక్సెళ్లు, కుడి చివర 2 పిక్సెళ్లు లేచినట్టు లెక్క వచ్చింది. పాస్‌పోర్టు స్కాన్ సైజులోకి మారిస్తే 23, 12. అంత చిన్న మొహంలో ఒక పిక్సెల్ అటూ ఇటూ అయితే ఇక్కడ ఆరు పిక్సెళ్ల తేడా వస్తుంది. కాబట్టి ఈ అంకెలను నమ్మకమైన కొలతగా కాక ఇది దాటకూడదన్న హద్దుగా పెట్టుకున్నాను.

కోపం ఎక్కడుంది

ఇక్కడ పని ఆపి మొదటి ప్రశ్నకు తిరిగి వెళ్లాను. కొడుకు అడిగింది నవ్వా? అతను మొదట అన్నది "కోపంగా ఉన్నట్టుంది" అని. ఆ కోపం ఎక్కడి నుంచి వస్తోందో నేను చూడనే లేదు.

చూస్తే అది నోట్లో తక్కువ, కనుబొమల దగ్గర ఎక్కువ. పాస్‌పోర్టు తీసినవాళ్లు లైటు చాలా ఎత్తులో పెట్టారు. కనుబొమల కింద గుంటల్లో నీడ పడి కళ్లు లోతుగా కనిపిస్తున్నాయి. వెలుతురుకు ఆవిడ కనుబొమలు ముడిచింది, మధ్యలో రెండు నిలువు గీతలు పడ్డాయి. ముక్కు పక్క నుంచి నోటి వైపు దిగే ముడతల్లో కూడా నీడ చిక్కగా ఉండి, పెదవి చివర్లు కిందికి వాలినట్టు కనిపిస్తోంది. ఇందులో చాలా భాగం ఆవిడ మొహం కాదు, ఆ లైటు.

నీడను తగ్గించడానికి ఆకారం ముట్టుకోనక్కర్లేదు. 50 శాతం బూడిద రంగు నింపిన లేయర్‌ను Soft Light లో పెట్టి, తెల్ల బ్రష్‌ను 4 శాతం ఫ్లోలో తీసుకుని కంటి గుంటల మీద, కనుబొమల మధ్య గీతల మీద మెల్లగా నడిపించాను. గీతలు చెరిపెయ్యలేదు, వాటి లోతును సుమారు మూడో వంతు తగ్గించాను. పూర్తిగా తీసేస్తే నుదురు ముప్పై ఏళ్ల మనిషిదైపోతుంది, అప్పుడు మళ్లీ "ఈవిడెవులు" అన్న ప్రశ్నే వస్తుంది. పెదవి చివర్ల కింది నీడను ఇంకా తక్కువగా తేల్చాను. పెదాలు ఒక్క పిక్సెల్ కూడా కదలకుండానే కోపం సగం దిగింది.

రెండో ప్రయత్నం

ఫొటో లేయర్‌ను స్మార్ట్ ఆబ్జెక్ట్‌గా మార్చి Liquify తెరిచాను. ఈసారి మొహం స్లైడర్ల జోలికి పోలేదు. ముందుగా, కదలకూడని చోట్లను పట్టి ఉంచే Freeze Mask తో కనుగుడ్లు, పై రెప్పలు, ముక్కు, ముక్కుపుడకలు, బొట్టు, పుట్టుమచ్చ, దవడ అంచు కప్పేశాను. గుండ్రంగా ఉన్నవి గుండ్రంగానే ఉండాలి. పుడక కోడిగుడ్డు ఆకారానికి వస్తే చూసేవాళ్లకు కారణం తెలియకపోయినా ఏదో తేడా తెలుస్తుంది.

నవ్వును నోటి దగ్గర మొదలుపెట్టలేదు, బుగ్గ దగ్గర మొదలుపెట్టాను. ఫ్రాన్స్ వైద్యుడు డుషేన్ 1862లోనే రాశాడు, మనసులోంచి వచ్చే నవ్వులో కంటి చుట్టూ ఉండే కండరం కూడా బిగుస్తుందని. అది బిగిసినప్పుడు బుగ్గ లేస్తుంది, కింది రెప్ప కొంచెం పైకి వస్తుంది. Forward Warp ను 300 పిక్సెళ్ల పెద్ద బ్రష్‌తో, తక్కువ ప్రెషర్‌లో తీసుకుని ఎడమ బుగ్గను పైకి, కొద్దిగా బయటికి జరిపాను. కుడి బుగ్గను అందులో సగం. తర్వాత చిన్న బ్రష్‌తో కింది రెప్పల మధ్య భాగాన్ని ఒక వెంట్రుక వాసి లేపాను.

ఆ తర్వాతే పెదవి చివర్లు. వాటిని నిటారుగా పైకి లాగడం అందరూ చేసే తప్పు, నేనూ చాలాసార్లు చేశాను. అప్పుడు నోరు గిన్నె ఆకారంలోకి వస్తుంది. కండరం లాగే దారి చెవి ముందున్న బుగ్గ ఎముక వైపు ఏటవాలుగా ఉంటుంది. ఆ దారిలోనే ఎడమ చివరను 23, కుడి చివరను 12 పిక్సెళ్లు లేపి, వెడల్పును 313కి తెచ్చాను, అంటే పెళ్లి ఫొటోలోని 0.87 నిష్పత్తికి. నవ్వినప్పుడు పై పెదవి సాగి కొంచెం పలచబడుతుంది, ముక్కుకూ పెదవికీ మధ్య దూరం కాస్త తగ్గుతుంది. అది కూడా చేశాను, పెదవి మీది నిలువు ముడతలను అలాగే ఉంచి.

ఆకారం జరిపితే వెలుగు నీడలు కూడా దానితో పాటే జరుగుతాయి. అది చాలదు. నిజంగా బుగ్గ ఉబ్బితే దాని మీది మెరుపు పైకి పోతుంది, ముక్కు పక్క ముడతలో నీడ పెరుగుతుంది. అదే బూడిద లేయర్ మీద ఆ రెండూ దిద్దాను. చివర్న, సాగిన చోట చర్మం నునుపైపోయినట్టు కనబడకుండా మొహమంతటికీ 2 శాతం నాయిస్, అంటే సన్నటి గరుకు చుక్కలు వేశాను.

అంతా అయ్యాక చూస్తే కొలత ప్రకారం సరిగ్గా ఉంది. చూపు ప్రకారం ఉండవలసినట్టు లేదు.

దీనికి కారణం దొరకడానికి పెళ్లి ఫొటోను మళ్లీ చూడాల్సి వచ్చింది. అందులో నవ్వుతున్నది నోరొక్కటే కాదు. కనుబొమలు సడలి ఉన్నాయి, చూపు ఎవరి మీదో ఉంది. పాస్‌పోర్టు ఫొటోలో చూపు కెమెరాలోకి గుచ్చినట్టుంది. ఆ చూపు కింద ఆవిడ పూర్తి నవ్వును పెడితే, నోరు ఒకటి చెబుతుంది, కళ్లు ఇంకొకటి చెబుతాయి. కళ్లను మార్చి సరిపెట్టవచ్చు అనిపిస్తుంది గానీ అక్కడ నేను ఆగిపోతాను. నోటిలో రెండు మిల్లీమీటర్లు మారితే తట్టుకునే పోలిక, కంటి ఆకారంలో అర మిల్లీమీటరు మారితే తట్టుకోదు. కాబట్టి ఉన్న కళ్లు ఎంత నవ్వును మోయగలవో అంతవరకే నోటిని తీసుకెళ్లాలి.

Liquify లో Reconstruct అనే బటన్ ఉంది. చేసిన మార్పునంతటినీ ఒక్క అంకెతో వెనక్కి తగ్గిస్తుంది. దానితో మూడు రకాలు తయారుచేశాను. ఒకటి 100 దగ్గర, అంటే పూర్తి కొలత. రెండోది 60 దగ్గర, ఎడమ చివర సుమారు 14, కుడి 7. మూడోది 35 దగ్గర, ఎడమ 8, కుడి 4. పెద్ద ఫ్రేమ్‌లో చూస్తే ఈ మూడోదానిలో ఎడమ పెదవి లేచింది ఒకటిన్నర మిల్లీమీటరు. ప్రింటులో అసలు వివరం 300 డీపీఐదే అన్నాను కదా, ఆ లెక్కన ఈ 8 పిక్సెళ్లు నిజానికి రెండు చుక్కలు.

చూసుకోవడం, చూపించడం

ఒకే మొహాన్ని గంటసేపు చూస్తే కన్ను దానికి అలవాటు పడిపోతుంది. సాగదీసిన మొహం కూడా మామూలుగా కనిపిస్తుంది, అసలు మొహమే బిగుసుకుపోయినట్టు అనిపిస్తుంది. అందుకే రాత్రి పని ఆపేసి, పొద్దున్న తెరిచి, పాతదాన్ని చూడకుండా కొత్తదాన్నే ముందు చూస్తాను. లేయర్‌ను ఆర్పుతూ వెలిగిస్తూ చూడడం ఈ పనికి పనికిరాదు. ఆ రెండింటి మధ్య కదలికే నవ్వులా కనిపించి మనల్ని మోసం చేస్తుంది.

మా వృత్తిలో ఇంకో అలవాటుంది. ఫొటోను తిప్పి చూస్తే తప్పులు బయటపడతాయంటారు. అద్దంలోలా అటూ ఇటూ తిప్పితే నిజమే, వంకరలు తెలుస్తాయి. తలకిందులు చేసి చూడడం మాత్రం నవ్వు మార్చిన ఫొటోకు చాలా ప్రమాదం. 1980లో పీటర్ థాంప్సన్ మార్గరెట్ థాచర్ ఫొటోలో కళ్లనూ నోటినీ కోసి తలకిందులుగా అతికించాడు. ఫొటో మొత్తాన్ని తలకిందులుగా పెడితే మామూలుగానే కనిపిస్తుంది. నిలబెట్టి చూస్తే భయం వేస్తుంది. మొహం తలకిందులైనప్పుడు కళ్లకూ నోటికీ పొంతన కుదిరిందో లేదో మన కన్ను పట్టలేదు. నేను వెతుకుతున్నది సరిగ్గా ఆ పొంతనే.

మూడు రకాలనూ 4×6 కాదు, 12×18 లోనే మామూలు కాగితం మీద తీశాను. వెనక పెన్సిల్‌తో అంకెలు రాసి బల్ల మీద పరిచాను. "బాగుందా" అని అడగలేదు. అలా అడిగితే మన మొహం చూసి మొహమాటానికి బాగుందంటారు. "తాతా, వీటిలో మీ ఇంటావిడ కానిది ఏది?" అని అడిగాను.

ఆయన వెంటనే 100ను పక్కకు తోసేశాడు. 60ను చేతిలోకి తీసుకుని కాసేపు చూసి, "ఇందులో దానికి నవ్వాలని లేదు, ఎవులో నవ్వమన్నారు" అన్నాడు. పొంతన గురించి అంత సూటిగా నేను ఇంతవరకూ చెప్పలేకపోయాను. 35 దగ్గర ఏమీ అనలేదు. వేలితో పై పెదవి మీది ముడతలను తాకి, కూతురి వైపు చూశాడు. "ఇదే అన్నియ్యా" అంది ఆవిడ.

కొడుక్కి ఫోన్‌లో చూపిస్తే "ఇందులో నవ్వేదన్నా?" అన్నాడు. ఫోన్‌లో నిజంగానే కనబడదు. ఊరికి వచ్చాక ఫ్రేమ్ చూడమన్నాను. పెద్దకర్మ ముందు రోజు స్టూడియోకి వచ్చి, గోడకు ఆనించిన ఫ్రేమ్ ముందు నిలబడ్డాడు. కొంచెంసేపటికి "ఇప్పుడు కోపంగా లేదన్నా" అన్నాడు. నవ్వు గురించి మళ్లీ అడగలేదు.

ఈ పద్ధతికి ఒక హద్దుంది. ఆవిడ నవ్విన ఫొటో ఒక్కటీ దొరక్కపోతే నేను నీడలు తేల్చడం దగ్గరే ఆగిపోయేవాణ్ణి. ఏ వైపు లేస్తుందో తెలియని పెదవిని కదిలిస్తే అది నా ఊహే అవుతుంది. అలా ఆగిపోయిన ఫ్రేములు ఆ తర్వాత రెండు మూడు ఇచ్చాను. మొదట కొంచెం అసంతృప్తిగానే తీసుకెళ్లారు గానీ ఎవరూ తిరిగి తేలేదు.

ఇంకొక సంగతి. ఊరి మొదట్లో కట్టడానికి నా ఫైలునే ఇంకోచోట ఇచ్చి ఫ్లెక్సీ వేయించారు. ఖాళీ నింపడానికి మొహాన్ని అడ్డంగా మూడో వంతు సాగదీశారు. ఫొటో చూసి నాకు బాధ వేసింది. కానీ ఊళ్లో ఒక్కరు కూడా అది ఎవరని అడగలేదట. దీనికీ కారణం ఉంది. గ్రాహమ్ హోల్, ఆయన తోటివారు 2002లో చూపించినట్టు, తెలిసిన మొహాన్ని మొత్తంగా నిలువుకో అడ్డానికో బాగా సాగదీసినా మనుషులు గుర్తుపట్టేస్తారు. అన్నీ ఒకే లెక్కన సాగితే కన్ను సర్దుకుంటుంది. నేను మొదట చేసిన ప్రింటులో నోరూ బుగ్గలూ కళ్లూ మాత్రమే మారాయి, మిగతా మొహమంతా అలాగే ఉంది. దాన్ని ఆవిడ కూతురే గుర్తుపట్టలేదు.